క్వాలిటీ ఇంజనీర్ రెజ్యూమ్‌ని మన ప్రకటన పక్కన పెట్టి చదవడం ఎలా

భీమవరం, ఉండి, పాలకొల్లు చుట్టుపక్కల ఏరేటర్లు, పంపులు, గేర్‌బాక్సులు చేసే యూనిట్ల వాళ్ళు చాలామంది ఒకటే అడుగుతున్నారండి, క్వాలిటీ ఇంజనీర్ కావాలని ప్రకటన ఇస్తే రెజ్యూమ్‌లు కుప్పలుగా వస్తున్నాయి, అన్నిట్లో సిక్స్ సిగ్మా, లీన్, కైజెన్, రిజెక్షన్ అరవై శాతం తగ్గించాను అనే ఉంటోంది, ఎవరు నిజంగా చేశారో ఎవరు రాసుకున్నారో ఎలా తెలుస్తుంది అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకేచోట రాసేస్తున్నా. ఉదాహరణకి రొయ్యల చెరువుల ఏరేటర్‌కి గేర్‌బాక్స్ చేసే యూనిట్‌నే తీసుకుంటా, మీది వేరే సరుకైనా పద్ధతి ఇదే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

మీ ప్రకటన ప్రింటు, వచ్చిన రెజ్యూమ్‌లు, మీ షాపులో పోయిన ఆరు నెలల రిజెక్షన్ రిజిస్టర్, కస్టమర్ కంప్లైంట్ల పుస్తకం, మీరు ఎక్కువగా చేసే ఒక పార్టు డ్రాయింగు, ఒక కాలిక్యులేటర్. రిజిస్టర్ లేదు అంటారా, అప్పుడు ఫిట్టర్‌నీ ఆపరేటర్‌నీ కూర్చోబెట్టి ఏం ఎక్కువ పోతోందో ఒక కాగితం మీద రాయించండి, అదీ సరిపోతుంది. మీ గొడవ ఏంటో మీకు తెలియకుండా ఎదుటివాడి రెజ్యూమ్ చదివితే ఎన్ని గంటలు చదివినా ఉపయోగం లేదు.

1. ముందు ప్రకటనని కత్తిరించండి

చాలా ప్రకటనలు ఏదో కార్ల పార్టుల కంపెనీ ప్రకటన చూసి దించినవే. ఐఏటీఎఫ్ 16949 తెలిసుండాలి, కార్ల కంపెనీ చేత పార్టుని ఒప్పించే పీపీఏపీ చేసుండాలి, సిక్స్ సిగ్మాలో బ్లాక్ బెల్ట్ ఉంటే మంచిది అని రాస్తారు, తీరా చూస్తే మీరు కార్ల కంపెనీకి ఒక్క బోల్టు కూడా పంపరు. ఐఏటీఎఫ్ ఆటోమొబైల్ సప్లై చెయిన్ కోసం పెట్టిన స్టాండర్డు, మీ కస్టమర్ అడగనప్పుడు దానికి మార్కులు వేయడం దండగ.

మా ఉదాహరణ యూనిట్ ప్రకటనలో పదమూడు పాయింట్లు ఉన్నా, రిజిస్టర్ పక్కన పెట్టి చూస్తే నిజంగా కావాల్సినవి నాలుగే మిగిలాయి. బేరింగ్ కూర్చునే బోరు సైజు తప్పి హౌసింగులు పోతున్నాయి, అది తగ్గించగలిగే మనిషి. ఆ బోరుని సరిగ్గా కొలవడం, కొలిపించడం వచ్చిన మనిషి. ఫౌండ్రీ నుంచి వచ్చే కాస్టింగుల లాట్‌ని శాంపిల్ తీసి తీసుకోవాలో తిప్పి పంపాలో చెప్పగలిగే మనిషి. ఇక లీన్ అంటే వీళ్ళకి కావాల్సింది ఒక సైజు నుంచి ఇంకో సైజుకి మిషన్ సెట్టింగ్ మార్చే టైము తగ్గించడం, అంతే.

ఈ నాలుగింటికీ బరువు పెట్టండి. మేం డిఫెక్ట్ తగ్గించడానికి 3, కొలతకి 3, శాంప్లింగ్‌కి 2, లీన్‌కి 1 పెట్టాం. లీన్‌కి ఒకటేనా అని అడగొచ్చు, ఈ షాపులో డబ్బు పోయేది స్క్రాప్‌లో, సెట్టింగ్ టైములో కాదు, అందుకే. మీ దగ్గర రోజుకి నాలుగు మోడళ్ళు మారుతుంటే మీరు లీన్‌కి 3 పెట్టుకోండి.

2. మార్కులు వేసే పద్ధతి

ఒక్కో వరసకి 0 నుంచి 3. మాటే లేకపోతే సున్నా. మాట ఉంది కానీ ఎక్కడ దేని మీద చేశాడో లేకపోతే 1. ఏ పార్టు మీద, ఏ పరికరంతో, ఏం చేశాడో ఉంటే 2. దానికి తోడు ముందెంత తర్వాతెంత, ఎన్ని పీసుల మీద, ఎన్నాళ్ళ లెక్క అనేది కూడా ఉంటే 3. దాన్ని బరువుతో గుణించి కూడితే మా లెక్కలో గరిష్ఠం 27.

ఒక్క జాగ్రత్త. ఒకే పదం ఎన్నిసార్లు వచ్చిందని లెక్కపెట్టకండి. కింద స్కిల్స్ డబ్బాలో 5ఎస్, కైజెన్, కాన్‌బాన్, టీపీఎం, ఎస్ఎంఈడీ, వీఎస్ఎం, పోకా యోకే అన్నీ వరసగా పేర్చి, పైన ఉద్యోగం వివరాల్లో వాటిలో ఒక్కటీ కనపడకపోతే ఆ డబ్బా మొత్తానికి కలిపి 1, అంతకు మించి ఇవ్వొద్దు.

3. ఇన్‌స్పెక్షన్ స్టాండర్డు పేరు దగ్గర ఆగండి

ఎక్కువ మంది రాసేది ఐఎస్ఓ 9001 సర్టిఫైడ్ అని. ఆ సర్టిఫికెట్ కంపెనీకి ఇస్తారు గానీ మనిషికి ఇవ్వరు. మనిషికి ఉండేది ఇంటర్నల్ ఆడిటర్ ట్రైనింగో లీడ్ ఆడిటర్ కోర్సో. అలా రాసినంత మాత్రాన అబద్ధమని కాదు, అజాగ్రత్తగా రాసినట్టు, కాబట్టి ఆడిట్‌లో మీ పనేంటి అని తర్వాత అడగడానికి పక్కన గుర్తు పెట్టుకోండి.

మనకి పనికొచ్చే స్టాండర్డు శాంప్లింగ్‌ది, మన దేశంలో ఐఎస్ 2500, బయట ఐఎస్ఓ 2859 అంటారు. దీన్ని వాడినవాడెవడో తెలుసుకోడానికి ఒక చిన్న లెక్క చాలు. ఫౌండ్రీ నుంచి 600 హౌసింగులు వచ్చాయి, తనిఖీ స్థాయి జనరల్ లెవెల్ టూ, ఏక్యూఎల్ అంటే ఒప్పుకోదగ్గ చెడ్డ పీసుల శాతం 1.0, ఎన్ని తీసి చూస్తారు? పట్టికలో 501 నుంచి 1200 లాట్‌కి కోడ్ అక్షరం జె, శాంపిల్ 80, అందులో చెడ్డవి 2 వరకు వస్తే లాట్ తీసుకుంటాం, 3 వస్తే తిప్పి పంపుతాం. అంకెలు కంఠతా రాకపోయినా పర్లేదండి, నేనూ పట్టిక చూసే చెప్తా. లాట్ సైజు నుంచి కోడ్ అక్షరం, అక్కడినుంచి శాంపిల్, అక్కడినుంచి ఎన్ని చెడ్డవి ఒప్పుకుంటాం అనే దారి చెప్పగలిగితే చాలు. ఇంకొంచెం తెలిసినవాడైతే వరసగా ఐదు లాట్‌లలో రెండు ఫెయిలైతే టైటెండ్ ఇన్‌స్పెక్షన్‌లోకి, అంటే ఇంకా గట్టి చెకింగ్‌లోకి మారాలి అని తనంతట తనే చెప్తాడు.

మనవైపు బాగా అలవాటైన తప్పు పది శాతం చెకింగ్. ఏ లాట్ వచ్చినా పదో వంతు తీసి చూడ్డం. 600కి 60 తీస్తారు, 50కి 5 తీస్తారు, ఆ 5 పీసుల్లో చెడ్డది తగలకుండా లాట్ లోపలికి వచ్చేయడం చాలా తేలిక. రెజ్యూమ్‌లో టెన్ పర్సెంట్ ఇన్‌స్పెక్షన్ చేశాను అని గొప్పగా రాసుంటే శాంప్లింగ్‌కి 1 వేసి ముందుకెళ్ళండి.

అలాగే అన్నిటికీ శాంప్లింగ్ పనికిరాదు. గేర్‌బాక్స్ లీక్ టెస్ట్ ప్రతి పీసుకీ చేయాల్సిందే, నూనె కారితే అది నేరుగా చెరువులోకే పోతుంది, నీళ్ళు లోపలికెళ్తే రాత్రిపూట ఏరేటర్ ఆగిపోయి తెల్లారేసరికి రొయ్యలు తేలతాయి. లీక్ టెస్ట్ కూడా శాంప్లింగ్ మీద నడిపాను అని ఎవరైనా రాస్తే నేనైతే ఆ కాగితం పక్కన పెట్టేస్తా.

4. కొలత పరికరాన్ని డ్రాయింగుతో జత చేసి చూడండి

ఇది చాలామంది దాటేసే మెట్టు, నా లెక్కలో మాత్రం అసలు విషయం ఇక్కడే బయటపడుతుంది. మన గేర్‌బాక్స్‌లో 6205 బేరింగ్, బయటి వ్యాసం 52 మిల్లీమీటర్లు. డ్రాయింగులో హౌసింగ్ బోరు 52 హెచ్7 అని ఉంది, అంటే 52.000 నుంచి 52.030 లోపు ఉండాలి, మొత్తం వెసులుబాటు 30 మైక్రాన్లు. కొలిచే పరికరం ఆ వెసులుబాటులో పదో వంతైనా చూపించగలగాలి అనేది షాపుల్లో వాడే లెక్క, అంటే 3 మైక్రాన్లు. మామూలు వెర్నియర్ లీస్ట్ కౌంట్ 0.02, అంటే 20 మైక్రాన్లు. వెర్నియర్‌తో ఈ బోరు కొలవడం అంటే గుడ్డిగా కొలవడమే.

ఇప్పుడు రెజ్యూమ్ చూడండి. వెర్నియర్, మైక్రోమీటర్, హైట్ గేజ్ వాడటంలో అనుభవం అని మాత్రమే ఉంటే ఈ ఉద్యోగానికి కొలతలో 1. బోర్ గేజ్, రింగ్ గేజ్‌తో సెట్టింగ్, గో నోగో ప్లగ్ గేజ్ అని ఉండి ఏ పార్టు బోరో చెప్పుంటే 2. గేజ్ ఆర్ అండ్ ఆర్ చేసి ఇద్దరు ముగ్గురు ఆపరేటర్లు కొలిస్తే తేడా ఎంతొచ్చిందో రాసుంటే 3. ఆ తేడా వెసులుబాటులో 10 శాతం లోపు అయితే బాగున్నట్టు, 30 దాటితే ఆ పరికరం ఆ పనికి పనికిరానట్టు, మధ్యలో ఉంటే పనిని బట్టి ఒప్పుకోవచ్చు.

ఇక్కడే ఇంకో విషయం. మన జిల్లాల్లో క్వాలిటీ అంటే వచ్చే రెజ్యూమ్‌లలో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో చేసినవాళ్ళు చాలామంది ఉంటారు, ఆహార భద్రతకి వాడే హెచ్ఏసీసీపీ పద్ధతి, శాంప్లింగ్, రికార్డులు, ఆడిట్‌లు బాగా తెలిసినవాళ్ళు. వాళ్ళని ఒక్క చూపులో తీసిపారేయకండి, లాట్ ఆపే ధైర్యం, రికార్డు రాసే అలవాటు వాళ్ళకి ఉంటుంది, శాంప్లింగ్ వరసలో 2 కూడా రావొచ్చు. కానీ డ్రాయింగు, టాలరెన్సు, బోర్ గేజ్ వేరే చదువు. పోస్టు ఇన్‌స్పెక్టర్‌ది అయితే నేర్పించుకోవచ్చు, ఇంజనీర్ పోస్టుకి మొదటిరోజు నుంచే మిషన్ పక్కన మాట్లాడాలి కాబట్టి కష్టం.

5. అరవై శాతాన్ని విప్పండి

రెండు రెజ్యూమ్‌లు తీసుకుందాం, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. మొదటి అబ్బాయి చెన్నైలో పెద్ద సప్లయర్ దగ్గర ఆరేళ్ళు, గ్రీన్ బెల్ట్, ఒక లైను: మెషినింగ్ రిజెక్షన్ 60% తగ్గించి ఏడాదికి 25 లక్షలు ఆదా చేశాను. ఇన్‌కమింగ్ దగ్గర మాత్రం ఏ కాస్టింగ్, ఐఎస్ 2500 ఏ లెవెల్ అని శుభ్రంగా రాశాడు. రెండో అబ్బాయి ఓ పంపుల యూనిట్‌లో నాలుగేళ్ళు, బెల్ట్ ఏమీ లేదు, ఒక లైను: హౌసింగ్ బోర్ రిజెక్షన్ 4.8% నుంచి 1.9%కి వచ్చింది, నెలకి సుమారు 3000 పీసులు, ఆరు నెలల సగటు, కోసే ఇన్సర్ట్‌ని ఎన్ని పీసులకోసారి మార్చాలో లెక్క పెట్టాం, ప్రతి 25వ పీసు బోర్ గేజ్‌తో చూశాం. తగ్గుదల ఇంత:

```
(4.8 - 1.9) / 4.8 x 100 = 60.4
```

చూశారా, ఇద్దరిదీ అరవై శాతమే. కానీ రెండో అబ్బాయిది మనం విప్పగలం. 3000లో 4.8 శాతం అంటే 144, 1.9 శాతం అంటే 57, అంటే నెలకి 87 పీసులు మిగిలాయి. కాస్టింగూ మెషినింగూ కలిపి ఒక్కో పీసు 400 రూపాయలు అనుకుంటే నెలకి 34,800, ఏడాదికి 4 లక్షల 17 వేల చిల్లర. నమ్మేలా ఉంది. మొదటి అబ్బాయిది 25 లక్షలు, అదే 400 పీసుకి పెట్టి చూస్తే ఏడాదికి 6250 పీసులు, నెలకి 520 పైన మిగలాలి, అరవై శాతం తగ్గితేనే 520 మిగిలాయి అంటే అంతకుముందు నెలకి దాదాపు 870 పీసులు పోతుండాలి. పెద్ద ప్లాంట్‌లో అది సాధ్యమే, పీసు ధర ఎక్కువైనా సాధ్యమే, కాబట్టి అబద్ధం అనేయకండి, మొత్తం ఎన్ని పీసులు చేసేవాళ్ళు, పీసు ఎంత అని అడిగే ప్రశ్నగా రాసుకోండి.

శాతం తగ్గడానికి పని చేయడం ఒక్కటే కారణం కాదు, అవి కూడా చూడాలి. ఒకటి, చెకింగ్ సడలించడం, ముందు ప్రతి పీసు చూసి తర్వాత శాంపిల్‌లోకి మారితే దొరికే చెడ్డవి ఎలాగూ తగ్గుతాయి, అవి కస్టమర్ దగ్గర తేలతాయి. అందుకే రిజెక్షన్ తగ్గింది అన్నవాడిని అదే సమయంలో కస్టమర్ కంప్లైంట్లు ఎలా ఉన్నాయి అని అడగండి. రెండోది, స్క్రాప్‌ని రీవర్క్ పద్దులోకి మార్చేయడం. మూడోది అందరూ మర్చిపోయేది, బాగా చెడ్డ నెలని ముందు అని, మామూలు నెలని తర్వాత అని చూపించడం, ఏమీ చేయకపోయినా ఆ చెడ్డ నెల తర్వాత అంకె దిగుతుంది. ఆరు నెలల సగటు అని రాసినవాడికి నేను ఎక్కువ మార్కు వేసేది ఇందుకే.

కారణం సరిపోయిందా లేదా కూడా చూడండి. బోరింగ్‌లో ఇన్సర్ట్ అరిగితే సాధారణంగా బోరు చిన్నదవుతుంది, పెద్దది కాదు. చిన్నదైతే మళ్ళీ కోసుకోవచ్చు. ఆపరేటర్ ఆ అరుగుదల చూసి ఆఫ్‌సెట్ ఎక్కువ ఇచ్చేస్తే అప్పుడు పెద్దదైపోయి స్క్రాప్‌లోకి పోతుంది. ఇన్సర్ట్ అరిగి బోరు ఓవర్‌సైజ్ అయింది అని ఒక్క ముక్కలో రాసినవాడిని మధ్యలో ఏం జరిగింది అని అడిగితే, మిషన్ పక్కన నిలబడినవాడు ఆఫ్‌సెట్ సంగతి వెంటనే చెప్తాడు, ప్రజెంటేషన్ తయారు చేసినవాడు అరుగుదల గురించే తిప్పి తిప్పి చెప్తాడు.

6. లీన్ మాటల్ని మిషన్ దాకా లాగండి

దీనికి ఎక్కువ టైము పెట్టకండి. ఏ లీన్ పేరు రాసినా మీరు చూడాల్సింది ఆ తర్వాత షాపులో ఏ వస్తువు మారింది అన్నదే. పోకా యోకే అంటే ఫిక్స్చర్‌లో పిన్ను పెట్టాం, హౌసింగ్ తిరగేసి పెడితే కూర్చోదు అని ఉండాలి. ఎస్ఎంఈడీ అంటే జాస్ ముందే కోసి పెట్టుకుని సెట్టింగ్ మార్పు 50 నిమిషాల నుంచి 20కి తెచ్చాం అని ఉండాలి. 5ఎస్ చేశాను అంటే చాలాచోట్ల ఫోటో తీసి గోడకి అంటించడంతోనే అయిపోతుంది, ఆడిట్ స్కోరు కాదు, గేజ్ వెతుక్కునే టైము తగ్గిందా లాంటిది చెప్పినవాడికి 2. గ్రీన్ బెల్ట్, బ్లాక్ బెల్ట్ సర్టిఫికెట్లు రెండు రోజుల ఆన్‌లైన్ క్లాసుకి ఇచ్చేవీ ఉన్నాయి, నిజంగా ప్రాజెక్టు చేయించి పరీక్ష పెట్టి ఇచ్చేవీ ఉన్నాయి. ప్రాజెక్టు ఏంటి అనే లైను పక్కన లేకపోతే బెల్ట్‌కి విడిగా మార్కు వద్దు.

7. కూడండి, తర్వాత ఫోన్ చేయండి

మన ఇద్దరికీ వేస్తే మొదటి అబ్బాయికి డిఫెక్ట్‌లో 1, కొలతలో 1, శాంప్లింగ్‌లో 2, లీన్‌లో 1. బరువులతో 3, 3, 4, 1, మొత్తం 11. రెండో అబ్బాయికి డిఫెక్ట్‌లో 3, కొలతలో 3, ఎందుకంటే ఇంకో లైనులో గేజ్ ఆర్ అండ్ ఆర్ అంకె రాశాడు, శాంప్లింగ్‌లో 1, లీన్‌లో 2. మొత్తం 9, 9, 2, 2 కలిపి 22.

11 వచ్చిందని పారేయకండి. రెజ్యూమ్ రాయడం రానివాళ్ళుంటారు, డబ్బులిచ్చి రాయించుకున్నవాళ్ళూ ఉంటారు. సగం దరిదాపుల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ పది నిమిషాలు ఫోన్ చేసి గుర్తు పెట్టుకున్న ప్రశ్నలే అడగండి, కొత్తవి వద్దు. ఈ మొదటి అబ్బాయిని అడిగితే ఆ అరవై శాతం మొత్తం ప్లాంట్‌ది, ఎనిమిది మంది టీము, నేను డేటా తీసి ఏ లోపం ఎక్కువో చూపే పారెటో చార్టు వేసేవాణ్ణండి అని ఉన్నదున్నట్టు చెప్పాడు. మేము అన్నదాన్ని నేను అని రాశాడన్నమాట. శాంప్లింగ్ ప్రశ్నకి మాత్రం టైటెండ్ రూల్‌తో సహా చెప్పాడు, ఆ వరస 3కి పెంచితే మొత్తం 13. ఇంజనీర్ పోస్టుకి సరిపోడు, ఇన్‌కమింగ్ ఇన్‌స్పెక్షన్ పోస్టు ఖాళీ ఉంటే అతన్నే ముందు పిలుస్తా.

మీ మార్కులు సరిగ్గా పడ్డాయా అని చూసుకోడానికి అవే రెజ్యూమ్‌లని మీ ప్రొడక్షన్ ఇన్‌చార్జి చేత విడిగా వేయించండి, మీ మార్కులు చూపించకుండా. ఏ వరసలోనైనా ఇద్దరికీ 2 మార్కుల తేడా వస్తే తప్పు రెజ్యూమ్‌ది కాకపోవచ్చు, మీ ప్రకటనలో ఆ పాయింటు ఇద్దరికీ రెండు రకాలుగా అర్థమైందని. ఆ పాయింటు తిరగ రాసి మళ్ళీ వేయండి. మా ఉదాహరణలో లీన్ దగ్గరే అలా వచ్చింది, ఓనరు గారు లీన్ అంటే సెట్టింగ్ టైము అనుకుంటే ఇన్‌చార్జి 5ఎస్ అనుకున్నాడు.

8. పిలిచినప్పుడు ఒక హౌసింగ్ చేతికివ్వండి

ఇంటర్వ్యూ ఆఫీసులో కాకుండా షాపులో పెట్టండి. ఒక హౌసింగ్, బోర్ గేజ్, 52 రింగ్ గేజ్ ఇచ్చి బోరు కొలిచి చెప్పమనండి, రింగ్ లేకపోతే మైక్రోమీటర్ ఇవ్వండి. రెజ్యూమ్‌లో కొలతకి 3 వేసినవాడి చేతికి ఇది తెలిసే ఉండాలి. ముందు రింగు తుడిచి గేజ్ సున్నాకి సెట్ చేస్తాడా, నేరుగా బోరులో పెట్టేస్తాడా చూడండి. పెట్టాక గేజ్‌ని అటూ ఇటూ ఊపి ముల్లు తిరగబడే చోట చదవాలి. ఒక్కచోట చదివి ఆపేస్తే సరిపోదు, పైన, మధ్యలో, కింద మూడు లోతుల్లో, ఒక్కో లోతులో అడ్డంగా ఓసారి నిలువుగా ఓసారి చదవాలి, లేకపోతే బోరు కోడిగుడ్డులా అయినా, లోపలికి పోయేకొద్దీ సన్నబడినా తెలీదు.

వీలైతే మిషన్ మీంచి అప్పుడే దించిన పీసు ఇవ్వండి. మే నెలలో మన షాపుల్లో వేడి సంగతి చెప్పక్కర్లేదు, దానికి తోడు కోత వేడి. రింగు కంటే పీసు 15 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే కాస్ట్ ఐరన్‌లో 52 బోరు 8 మైక్రాన్ల దాకా పెద్దగా చూపిస్తుంది, మన 30లో పావు వంతు పైనే. పీసు పట్టుకుని ఇది వేడిగా ఉందండి, కాసేపు చల్లారాక కొలుస్తా అన్నవాడు దొరికితే జీతం మాట అక్కడే షాపులో మొదలెట్టేయండి.